బీటా 0.62 దగ్గర మొదలైన తప్పు: ఒక లిస్టెడ్ కంపెనీ మూలధన వ్యయం లెక్కగట్టిన కేసు

నేపథ్యం

ఈ కేసులోని కంపెనీ తీరాంధ్రలో ఫ్యాక్టరీ పెట్టి, ఆహార, ఔషధ కంపెనీలకు ప్యాకింగ్ సామగ్రి తయారుచేసి అమ్ముతుంది. దాని షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయి ఉన్నాయి. గుర్తుపట్టడానికి వీలు లేకుండా రూపాయల అంకెలన్నిటినీ ఒకే నిష్పత్తిలో మార్చాను. శాతాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసిందంతా శాతాలలోనే ఉంది.

2024 ఆరంభంలో ఆ కంపెనీ రెండో ఉత్పత్తి లైను పెట్టాలనుకుంది. పెట్టుబడి 80 కోట్లు. పన్ను పోగా ఏటా 14 కోట్ల చొప్పున పదేళ్లపాటు నగదు వస్తుందని, పదేళ్ల తరువాత యంత్రాలకు చెప్పుకోదగ్గ విలువ ఏమీ మిగలదని అంచనా వేశారు. ఆ 14 కోట్ల అంచనాను నేను విడిగా పరిశీలించాను. అది వడ్డీ తీసివేయకముందు అంకె, పన్ను కూడా అప్పే లేదన్నట్టుగా నిర్వహణ లాభం మీద లెక్కకట్టినది. అప్పు వల్ల కలిసివచ్చే పన్ను మినహాయింపు, రాబోయే నగదును నేటి విలువకు తెచ్చే డిస్కౌంట్ రేటులో కనిపించాలి తప్ప నగదు ప్రవాహంలో రెండోసారి కనిపించకూడదు, కాబట్టి ఈ అంకె సరిగానే ఉంది. నగదు అంచనా గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పను.

ఫైనాన్స్ విభాగం భారిత సగటు మూలధన వ్యయాన్ని, అందరూ వ్యాక్ అని పిలిచే ఆ రేటును, 8.58 శాతంగా తేల్చింది. ఆ రేటుతో పదేళ్ల నగదును నేటి విలువకు తెస్తే 91.5 కోట్లు అవుతుంది, పెట్టుబడి పోగా 11.5 కోట్లు మిగులుతుంది. బోర్డు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అయితే ఒక స్వతంత్ర డైరెక్టరు ఆ రేటును బయటివాళ్ల చేత ఒకసారి సరిచూపించమని కోరారు. అలా ఆ పని నా దగ్గరికి వచ్చింది.

సమస్య ఎలా కనిపించింది

వాళ్లు పంపిన షీటులో ఫార్ములా సరిగానే ఉంది. అందరూ వాడేదే:

```
WACC = (E/V) × Ke + (D/V) × Kd × (1 − t)
V = E + D
```

E అంటే ఈక్విటీ విలువ, D అంటే అప్పు విలువ, Ke అంటే వాటాదారులు కోరే రాబడి, Kd అంటే అప్పిచ్చినవాళ్లు కోరే రాబడి, t అంటే పన్ను రేటు. తప్పులు ఫార్ములాలో కాక దానిలోకి వెళ్లిన అంకెల్లో ఉన్నాయి.

ఈక్విటీ కింద బ్యాలెన్స్ షీటులోని నికర విలువ 180 కోట్లు వేశారు. అప్పు కింద 90 కోట్ల టర్మ్ లోన్లు, 60 కోట్ల డిబెంచర్లు వేశారు. క్యాష్ క్రెడిట్‌ను స్వల్పకాలిక రుణమని వదిలేశారు. దాంతో ఈక్విటీ వాటా 54.5 శాతం, అప్పు వాటా 45.5 శాతం అయ్యాయి. సగటు తీయడానికి వాడే ఈ వాటాలనే భారాలంటారు. గత ఏడాది కట్టిన వడ్డీని అప్పుతో భాగించి అప్పు వ్యయం 8.1 శాతమన్నారు. పన్ను రేటు 34.944 శాతం వేయడంతో పన్ను పోగా అది 5.27 శాతానికి దిగింది. ఈక్విటీ వ్యయానికి పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి 7 శాతం, మార్కెట్ రిస్క్ ప్రీమియం 7 శాతం, ఒక ఆర్థిక సమాచార వెబ్‌సైటులో దొరికిన బీటా 0.62 తీసుకుని, ప్రీమియంను బీటాతో గుణించి బాండు రాబడికి కలిపి 11.34 శాతానికి చేరారు. బీటా అంటే మార్కెట్ కదిలినప్పుడు షేరు సగటున ఎంత కదులుతుందో చెప్పే అంకె, మార్కెట్ రిస్క్ ప్రీమియం అంటే బాండు రాబడికి పైన షేర్ల నుంచి ఆశించే అదనపు రాబడి.

నన్ను ముందుగా ఆపింది ఈ 11.34. అప్పటికి కొన్ని వారాల క్రితమే ఆ కంపెనీ డిబెంచర్లు సెకండరీ మార్కెట్‌లో దాదాపు 10 శాతం రాబడి దగ్గర చేతులు మారాయి. ఆస్తులపై ఛార్జి ఉండి, వడ్డీ తేదీ రాగానే ముందుగా డబ్బు అందుకునే డిబెంచరుదారు 10 శాతం అడుగుతున్నాడు. అందరికీ ఇచ్చాక మిగిలితేనే అందుకునే వాటాదారు 11.34 శాతంతో సరిపెట్టుకుంటాడా? ఆ ఇద్దరి మధ్య తేడా 1.34 శాతమే అంటే వాటాదారు మోస్తున్న రిస్కుకు దాదాపు ఏమీ గిట్టడం లేదన్నమాట. ఎక్కడ తప్పు జరిగిందో అప్పటికి నాకు తెలియకపోయినా తప్పు జరిగిందన్న సంగతి మాత్రం అర్థమైంది. అప్పటినుంచి ఎవరు ఏ మూలధన వ్యయం చూపించినా ఆ కంపెనీ అప్పు మీద నేడు మార్కెట్ అడుగుతున్న రాబడిని పక్కన పెట్టి చూడటం నాకు మొదటి అలవాటైంది.

మొదటి ప్రయత్నం: అప్పు, పన్ను, భారాలు

తేలికగా సరిదిద్దగలిగిన వాటితో మొదలుపెట్టాను. పన్ను రేటు అందులో అన్నిటికన్నా సులువు. ఆ కంపెనీ కొన్నేళ్ల కిందటే ఫారం 10-ఐసీ దాఖలు చేసి, ఆదాయపు పన్ను చట్టం 115బీఏఏ సెక్షన్ కింద 22 శాతం రేటుకు మారింది. సర్‌చార్జి, సెస్సు కలిపితే అది 25.168 శాతం. షీటు మాత్రం అంతకుముందు తయారైనది, అందులో 30 శాతం మూల రేటుతో వచ్చే 34.944 అలాగే ఉండిపోయింది. పన్ను రేటు తగ్గడం కంపెనీకి లాభమే అయినా వడ్డీ వల్ల ఆదా అయ్యే పన్ను కూడా దాంతోపాటే తగ్గుతుంది, కనుక పన్ను పోగా అప్పు వ్యయం పెరుగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు అకౌంట్స్ మేనేజరు కాసేపు ఒప్పుకోలేదు. 100 రూపాయల వడ్డీ మీద పాత రేటులో దాదాపు 35 రూపాయలు, కొత్త రేటులో 25 రూపాయలే మిగులుతాయని కాగితం మీద రాసి చూపించాక ఒప్పుకున్నారు.

అప్పు వ్యయం విషయంలో 8.1 శాతం అన్నది గతంలో కట్టిన వడ్డీ. ఈ డిబెంచర్లను 2021లో 8 శాతం కూపన్‌తో, అంటే స్థిర వడ్డీతో, జారీ చేశారు. ఆ సమయంలో రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం ఉండేది. 2023 ఫిబ్రవరికల్లా అది 6.5 శాతానికి చేరింది. అప్పుడు కుదిరిన కూపన్ కంపెనీకి లాభసాటి బేరమే, కానీ ఆ లాభం ఇప్పటికే వాటాదారులకు చేరిపోయింది. కొత్త లైను కోసం రేపు తెచ్చే డబ్బు ఆ ధరకు దొరకదు. అందుకని ప్రతి అప్పుకూ నేటి ధర వేశాను. కొత్త టర్మ్ లోనుకు బ్యాంకు ఇచ్చిన మంజూరు పత్రంలో 9.75 శాతం ఉంది, డిబెంచర్లకు మార్కెట్ రాబడి 10 శాతం, క్యాష్ క్రెడిట్‌కు 9.6 శాతం.

ఇక అప్పు మార్కెట్ విలువ. టర్మ్ లోన్లపై వడ్డీ, బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి ప్రకటించే ఎంసీఎల్ఆర్ రేటుతో పాటు ఏటా మారుతుంది, కాబట్టి వాటికి పుస్తక విలువ 90 కోట్లనే మార్కెట్ విలువగా తీసుకోవచ్చు. డిబెంచర్లది స్థిరమైన కూపన్, ఇంకా మూడేళ్ల గడువు ఉంది. ముఖ విలువ 100 ఉన్న ఒక డిబెంచరును 10 శాతం దగ్గర లెక్కిస్తే ఇలా వస్తుంది:

```
8/1.10 + 8/1.10^2 + 108/1.10^3 = 95.03
```

అంటే 60 కోట్ల డిబెంచర్ల నేటి విలువ 57 కోట్లు. తేడా మూడు కోట్లే, దీని వల్ల చివరి జవాబు పెద్దగా కదలదు. అయినా లెక్కను పూర్తిగా చేశాను, ఎందుకంటే 10 శాతం రాబడిని వ్యయంగా వాడుతూ పుస్తక విలువను భారంగా ఉంచితే ఒకే అప్పుకు రెండు వేర్వేరు ధరలు కట్టినట్టవుతుంది.

క్యాష్ క్రెడిట్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాను. మార్చి 31న బ్యాలెన్స్ షీటులో దాని నిల్వ 9 కోట్లే. బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించి పన్నెండు నెలల రోజువారీ నిల్వలు చూస్తే సగటు 33 కోట్లు తేలింది. త్రైమాసికం చివరి వారం తప్పితే ఏ నెలలోనూ అది 25 కోట్లకు దిగలేదు. సరఫరాదారులకు చెల్లింపులు ఏప్రిల్ మొదటి వారానికి జరపడం, కొనుగోలుదారుల నుంచి మార్చి ఆఖరులో గట్టిగా వసూలు చేయడం వల్ల ఆ ఒక్క రోజు అంకె చిన్నగా కనిపిస్తుంది. పేరుకు స్వల్పకాలిక రుణమైనా ఏళ్ల తరబడి తీరకుండా వడ్డీ కట్టించుకునే డబ్బును మూలధనంలో భాగంగానే చూడాలన్నది నా నిర్ణయం. మార్చి 31 నాటి 9 కోట్లు కాక సగటు 33 కోట్లను తీసుకున్నాను. సీజను ఉన్నంతకాలం పెరిగి, మిగతా రోజుల్లో సున్నాకు వచ్చే ఖాతా అయితే దాన్ని వదిలేసి ఉండేవాడిని.

ఇలా మొత్తం అప్పు 180 కోట్లయింది. మూడు రేట్లకూ విలువల ప్రకారం సగటు తీస్తే 9.8 శాతం, 25.168 శాతం పన్ను పోగా 7.33 శాతం.

ఈక్విటీ మార్కెట్ విలువకు షేర్ల సంఖ్యను ధరతో గుణించాలి. షేర్లు రెండు కోట్లు. ఇందులో 62 శాతం ప్రమోటర్లవి. షేరు సూచీలు చలామణిలో ఉన్న షేర్లనే లెక్కించే పద్ధతికి అలవాటుపడిన మా జూనియరు ప్రమోటర్ల షేర్లను తీసేసి గుణించాడు. సూచీకి కావలసింది కొనడానికి దొరికే షేర్లు. మనకు కావలసింది కంపెనీలో ఉన్న మొత్తం సొంత మూలధనం, అందులో ప్రమోటరు డబ్బు కూడా రాబడి కోరే డబ్బే. ధర విషయంలో ఆ రోజు ముగింపు 312 రూపాయలు. విస్తరణ వార్త బయటికి పొక్కిన తరువాత ధర ఎగబాకింది. ఏ ప్రాజెక్టును తూచాలనుకుంటున్నామో దాని మీద ఆశలు కలిసిన ధరతోనే తూకపు రాళ్లు తయారుచేయకూడదని, ఆ వార్తకు ముందరి 60 ట్రేడింగ్ రోజుల సగటు ధర 270 రూపాయలు తీసుకున్నాను. ఈక్విటీ 540 కోట్లు, మొత్తం 720 కోట్లు. ఈక్విటీ వాటా 75 శాతం, అప్పు వాటా 25 శాతం.

11.34 శాతాన్ని అప్పటికి కదపకుండా ఈ భారాలతో లెక్కిస్తే వ్యాక్ 10.34 శాతం వచ్చింది. ప్రాజెక్టు నికర విలువ 11.5 కోట్ల నుంచి 4.8 కోట్లకు తగ్గినా ఇంకా లాభం వైపే ఉంది. పుస్తక భారాల స్థానంలో మార్కెట్ భారాలు వేయడం, నేటి వడ్డీ, నేటి పన్ను వాడటం, పాఠ్యపుస్తకం చెప్పే పనులన్నీ పూర్తయ్యాయి. ముసాయిదా నివేదిక రాయడం కూడా మొదలుపెట్టాను.

ఎక్కడ విఫలమైంది

ముసాయిదాలో ఒక వాక్యం రాస్తూ ఆగిపోయాను. "డిబెంచర్ల రాబడి 10 శాతం" అని రాసిన రెండు వాక్యాల తరువాత "వాటాదారులు ఆశించే రాబడి 11.34 శాతం" అని రాస్తున్నాను. మొదటి రోజు నన్ను ఆపిన అసలు సందేహాన్ని నేను పరిష్కరించనేలేదు, దాని చుట్టూ ఉన్నవాటినే చక్కదిద్దాను.

బీటా 0.62 ఎలా వచ్చిందో తవ్వాను. ఆ వెబ్‌సైటు రెండేళ్ల రోజువారీ రాబడులను సూచీ రాబడులతో పోల్చి దాన్ని లెక్కగట్టింది. ఆ రెండేళ్ల 490కి పైగా ట్రేడింగ్ రోజుల్లో సుమారు 70 రోజులు ఈ షేరు ముందురోజు ధర దగ్గరే ముగిసింది, చాలా రోజులు చేతులు మారినవి కొన్ని వందల షేర్లు మాత్రమే. ఇలాంటి షేరులో సోమవారం సూచీ పడితే దాని ప్రభావం బుధవారానికో గురువారానికో ధరలో కనిపిస్తుంది. రోజువారీ లెక్క సోమవారం సూచీ పడింది, షేరు పడలేదు అని నమోదు చేసుకుంటుంది. షేరుకు మార్కెట్‌తో సంబంధం తక్కువని కాక, ఆ సంబంధం ఆలస్యంగా వ్యక్తమవుతోందన్నదే నిజం. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది: అదే షేరుకు వారపు రాబడులతో బీటా మళ్లీ లెక్కించి చూడాలి. రెండూ దగ్గరగా వస్తే సరే. వారపు బీటా స్పష్టంగా పెరిగితే రోజువారీ బీటాను నమ్మకూడదు. ఇక్కడ వారపు బీటా 0.88 వచ్చింది. దాని ప్రామాణిక దోషం 0.27, అంటే అసలు బీటా 0.35కూ 1.4కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ అంకె మీద 80 కోట్ల నిర్ణయాన్ని నిలబెట్టలేం. 0.62ను తీసేసి 0.88ను పెట్టడం కూడా చేయదగిన పని కాదనుకున్నాను.

ఈలోగా మేనేజింగ్ డైరెక్టరు ఫోన్ చేశారు.

"ఆడిటర్ గారూ, ఇంత తవ్వడం ఎందుకండీ? 80 కోట్లలో 60 కోట్లు బ్యాంకు వాళ్లే ఇస్తామంటున్నారు. ఈ ప్రాజెక్టుకు 75 శాతం అప్పు, 25 శాతం మన డబ్బు. ఆ లెక్కన వేసుకోండి."

ఆ లెక్కన వేస్తే, ఈక్విటీ వ్యయాన్ని 14 శాతం దాకా పెంచినా, వ్యాక్ 9 శాతం దగ్గరే ఉంటుంది. ఈ వాదన నేను చాలా కంపెనీల్లో విన్నాను, అది విన్న ప్రతిసారీ మంజూరు పత్రం అడుగుతాను. ఆయన మంజూరు పత్రంలో హామీల పేరా చదివి వినిపించాను. కొత్త లైనుతో పాటు పాత ఫ్యాక్టరీ స్థలం, పాత యంత్రాలపై కూడా ఛార్జి, దాని మీద ఆయన వ్యక్తిగత హామీ. "సార్, పాత ఫ్యాక్టరీ తాకట్టు పెట్టకుండా ఈ కొత్త లైను ఒక్కదాని మీదే ఇదే వడ్డీకి 60 కోట్లు ఇస్తారేమో బ్యాంకువాళ్లను అడుగుతారా?" అన్నాను. ఆయన అడగలేదు, అడగవలసిన అవసరం లేదని ఆయనకు తెలుసు. ఈ 60 కోట్లు దొరుకుతున్నది 540 కోట్ల సొంత మూలధనం వెనక ఉంది కాబట్టి. ఈ ప్రాజెక్టు అప్పు మోసే శక్తిని పాత వ్యాపారం నుంచి అరువు తెచ్చుకుంటోంది, ఆ మేరకు పాత వ్యాపారం రేపు తెచ్చుకోగలిగిన అప్పు తగ్గుతుంది. అందుకే ప్రాజెక్టుకు ఏ చెక్కు ఎక్కడి నుంచి వచ్చిందని కాక, కంపెనీ మొత్తంగా ఏ నిష్పత్తిలో నిలబడబోతోందో దాన్ని వాడాలి. పాత టర్మ్ లోన్ల వాయిదాల పట్టిక చూస్తే కొత్త అప్పు వచ్చిన మూడేళ్లలో నిష్పత్తి మళ్లీ 25 శాతం దరిదాపులకే వస్తుందని తేలింది, కాబట్టి ఆ 75:25నే ఉంచాను.

ఏది పనిచేసింది

షేరు సొంత బీటా నమ్మదగినది కానప్పుడు, అదే వ్యాపారం చేస్తూ బాగా ట్రేడయ్యే కంపెనీల బీటాలను ఆశ్రయించాలి. ప్యాకింగ్ రంగంలో ఐదు లిస్టెడ్ కంపెనీలు తీసుకున్నాను. ఆరోదానికి ఆదాయంలో సగం వేరే వ్యాపారం నుంచి వస్తుండటంతో వదిలేశాను. అయితే వాటి బీటాల్లో వాటివాటి అప్పుల ప్రభావం కలిసి ఉంటుంది. అప్పు పెరిగేకొద్దీ మిగులు మీద ఆధారపడిన వాటాదారు రిస్కు పెరుగుతుంది కాబట్టి బీటా కూడా పెరుగుతుంది. ముందు ఆ ప్రభావాన్ని తీసేసి, అప్పు లేకపోతే ఉండే బీటాను రాబట్టి, తరువాత మన కంపెనీ అప్పును దానికి జోడించాలి. కింది ఫార్ములాలో βu అంటే అప్పు లేకపోతే ఉండే బీటా, βL అంటే అప్పు ప్రభావం కలిసిన బీటా.

```
βu = βL / (1 + (1 − t) × D/E)
βL = βu × (1 + (1 − t) × D/E)
```

ఉదాహరణకు ఆ ఐదింటిలో ఒకదాని వారపు బీటా 1.12, మార్కెట్ విలువల ప్రకారం అప్పుకూ ఈక్విటీకీ నిష్పత్తి 0.45. 1.12ను 1.337తో భాగిస్తే 0.84. ఐదింటికీ ఇలా చేస్తే 0.71, 0.76, 0.80, 0.84, 0.97 వచ్చాయి. సగటు తీస్తే 0.97 ఒక్కటే దాన్ని పైకి లాగుతుంది కనుక మధ్యగత విలువ 0.80 తీసుకున్నాను. మన కంపెనీకి అప్పు 180, ఈక్విటీ 540, నిష్పత్తి మూడింట ఒకటి. 0.80ను 1.249తో గుణిస్తే బీటా 1.00. ఈక్విటీ వ్యయం 14 శాతం. డిబెంచరుదారు 10 అడిగే చోట వాటాదారు 14 అడగడం నాకు అర్థమయ్యే విషయం.

```
WACC = 0.75 × 14.00 + 0.25 × 7.33 = 12.33
```

12.33 శాతం దగ్గర పదేళ్ల నగదు విలువ 78 కోట్లు. పెట్టుబడి 80 కోట్లు. ప్రాజెక్టు రెండు కోట్ల నష్టంలోకి జారింది. దాని అంతర్గత రాబడి రేటు, అంటే లాభమూ నష్టమూ లేకుండా సరిపోయే రేటు, 11.73 శాతం.

ఆ రాత్రి కుతూహలం కొద్దీ ఒక పరీక్ష చేశాను. ఈ కేసును రాసి పెట్టాలనిపించింది దాని వల్లే. 270 బదులు ఆ రోజు ధర 312 వేస్తే ఏమవుతుంది? ఈక్విటీ వాటా 77.6 శాతానికి పెరుగుతుంది. అప్పు నిష్పత్తి తగ్గింది కాబట్టి బీటా 0.97కు, ఈక్విటీ వ్యయం 13.8 శాతానికి దిగుతాయి. వ్యాక్ 12.36. అంటే దాదాపు కదలలేదు. మరి పుస్తక భారాలే వేస్తే? 54.5, 45.5 భారాలకు అప్పు నిష్పత్తి 0.83. అంత అప్పున్న కంపెనీకి బీటా 1.30, ఈక్విటీ వ్యయం 16.1 శాతం. వ్యాక్ 12.11. అదీ పెద్దగా కదలలేదు!

భారాలు మారినప్పుడు ఈక్విటీ వ్యయాన్ని కూడా దానికి తగ్గట్టు మార్చితే రెండూ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. అప్పు పెరిగితే చౌక డబ్బు వాటా పెరుగుతుంది, అదే సమయంలో సొంత డబ్బు మరింత ఖరీదవుతుంది. చివరికి మిగిలే తేడా పన్ను ఆదా వల్ల వచ్చే చిన్న తేడా మాత్రమే. ఫైనాన్స్ విభాగం చేసిన అసలు తప్పు పుస్తక భారాలు వాడటం ఒక్కటే కాదు. 45 శాతం అప్పున్న కంపెనీ భారాలు వేస్తూ, అప్పే లేని కంపెనీకి కూడా తక్కువనిపించే 0.62 బీటాను వాటి పక్కన కూర్చోబెట్టారు. చౌక డబ్బు ప్రయోజనం తీసుకున్నారు, దాని మూల్యం ఎక్కడా చెల్లించలేదు. నా మొదటి ముసాయిదా కూడా అదే తప్పును కొంచెం మర్యాదగా చేసింది.

8.58 నుంచి 12.33 దాకా మొత్తం 3.75 శాతం. అందులో అప్పు ధర, పన్ను సరిదిద్దడం వల్ల వచ్చింది 0.94. మార్కెట్ భారాల వల్ల 0.82. బీటా ఒక్కదాని వల్ల 1.99, అంటే సగానికి పైగా. మొదట్లో నేను ఎక్కువ సమయం ఖర్చుపెట్టింది క్యాష్ క్రెడిట్ మీద, డిబెంచర్ల మీద.

బోర్డు ముందు

12.33ను ఒక్క అంకెగా బోర్డుకు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. మార్కెట్ రిస్క్ ప్రీమియం 7 శాతమన్నది నా నిర్ణయం. మన దేశంలో ఈ పని చేసేవాళ్లు 6 నుంచి 8 దాకా వాడటం చూశాను, ఏ ఒక్కటీ తప్పని నిరూపించలేను. 6 వేస్తే వ్యాక్ 11.58, ప్రాజెక్టు గట్టు మీద నిలుస్తుంది. 8 వేస్తే 13.08, స్పష్టంగా మునుగుతుంది. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి, 11.73 రాబడి ఉన్న ప్రాజెక్టు ఈ పరిధిలో కింది చివర దగ్గర మాత్రమే నెగ్గుతోందని చెప్పాను. మొదట చూపించిన 11.5 కోట్ల మిగులు ఈ పరిధిలో ఎక్కడా లేదు.

మేనేజింగ్ డైరెక్టరు ఆ సమావేశంలో ప్రాజెక్టును వదులుకోలేదు, నా రేటును కాదనలేదు కూడా. పెట్టుబడి జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్క పద్దూ చదివారు. కొత్త షెడ్డు నిర్మాణానికి ఆరు కోట్లు ఉంది. కాంపౌండులోనే వెనకవైపు ఏళ్లుగా వాడకుండా ఉన్న పాత షెడ్డుకు చిన్నపాటి మరమ్మతులు చేస్తే లైను అందులో పడుతుందని ప్రొడక్షన్ మేనేజరు చెప్పారు. మరమ్మతుల ఖర్చు అప్పటికే ఇతర పద్దుల్లో ఉంది. ఆ షెడ్డును బయటివాళ్లకు అద్దెకిచ్చే అవకాశం ఉందా అని అడిగాను, ఉంటే ఆ అద్దెను ప్రాజెక్టు ఖర్చుగా చూడాలి. ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నందువల్ల అద్దెకు ఇవ్వడం కుదరదన్నారు. పెట్టుబడి 74 కోట్లకు తగ్గింది. 12.33 దగ్గర మిగులు నాలుగు కోట్లు, రాబడి రేటు దాదాపు 13.7 శాతం, 13.08 కన్నా ఎక్కువ. బోర్డు ఆ రూపంలో ఆమోదించింది.

ఇతరులకు పనికివచ్చే కొన్ని మాటలు

మార్కెట్ భారాలు వాడమని అందరూ చెబుతారు, అది సరైనదే. వాటితో పాటు ఈక్విటీ వ్యయం కూడా అవే భారాల నుంచి వచ్చిందా లేదా అన్నది చూడాలి. షీటులో D/E ఉన్న గడిని మార్చి చూడండి. బీటా గడి దానితో పాటు మారకపోతే, ఆ షీటులో రెండు వేర్వేరు కంపెనీలున్నట్టే.

లిస్టెడ్ కంపెనీ అయినంత మాత్రాన దాని బీటా వాడదగినది కాదు. రోజువారీ బీటా, వారపు బీటా పక్కపక్కన పెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. ఎక్కడో దొరికిన బీటాను తీసుకునే ముందు అది ఎన్నేళ్ల రాబడులతో, ఏ వ్యవధితో, ఏ సూచీతో పోల్చి లెక్కించినదో కనుక్కోండి. ఆ మూడూ తెలియకపోతే దాన్ని వదిలేయండి.

నా లెక్కలోనూ నేను సరిదిద్దలేకపోయినవి ఉన్నాయి. బీటాకు అప్పు ప్రభావం జోడించే ఆ ఫార్ములా అప్పుకు మార్కెట్ రిస్కే లేదని అనుకుంటుంది. 10 శాతం రాబడి అడుగుతున్న డిబెంచర్లకు, ప్రభుత్వ బాండు కన్నా మూడు శాతం ఎక్కువ కోరుతున్నప్పుడు, అది పూర్తిగా నిజం కాదు. ఈ కంపెనీకి అప్పు పావు వంతే కాబట్టి తేడా చిన్నదని భావించి వదిలేశాను. 60, 70 శాతం అప్పున్న కంపెనీ అయితే వదిలేయకూడదు. రెండోది, బ్యాంకు 9.75 శాతానికి అప్పిస్తున్నది మేనేజింగ్ డైరెక్టరు వ్యక్తిగత హామీ చూసి. ఆ హామీకి ఆయన కంపెనీ నుంచి రూపాయి కూడా తీసుకోవడం లేదు. ఆ హామీ లేకపోతే బ్యాంకు ఎంత అడిగేదో, అదే ఆ అప్పు అసలు వ్యయం. ఎంత అడుగుతారని బ్యాంకు అధికారిని అడిగాను, హామీ లేకుండా ప్రతిపాదనే పెట్టబోమన్నారు. అంకె దొరకలేదు కాబట్టి, 7.33 శాతం అసలు వ్యయం కన్నా కొంత తక్కువే చూపిస్తోందని నివేదికలో ఒక పేరా రాసి, వ్యాక్‌ను 12.33 దగ్గరే ఉంచాను.